సొంతానికి ఇల్లు కావాలని కిరాయిదారుకు నోటీసు: ఏం రాయాలి, ఎంత గడువు ఇవ్వాలి

ప్రశ్న: సార్, మిర్యాలగూడలో మా నాన్న పేరు మీద ఇల్లు ఉంది. ఏడేళ్ల కింద 11 నెలల అగ్రిమెంట్ రాసుకుని గ్రౌండ్ ఫ్లోర్ కిరాయికి ఇచ్చాం. తర్వాత మళ్లీ కాగితం రాసుకోలేదు. ఇప్పుడు కిరాయి 6,500. అమ్మానాన్న దామరచర్ల వైపు మా ఊళ్లో ఉంటారు. నాన్నకు వారానికి రెండుసార్లు మిర్యాలగూడలో డయాలసిస్. వాళ్లను ఆ ఇంట్లోకి తేవాలని మూడుసార్లు నోటిమాటగా చెప్పినా వాళ్లు ఖాళీ చేయట్లేదు. సొంత అవసరం అని నోటీసు ఎలా రాయాలి? ఎంత టైం ఇవ్వాలి? నేనే పంపొచ్చా?

జవాబు:

మీ చివరి ప్రశ్నతో మొదలుపెడతాను. మీరు పంపకండి. ఇల్లు నాన్నగారి పేరు మీద ఉంది, కిరాయికి ఇచ్చింది ఆయన, కాబట్టి నోటీసు కూడా ఆయన పేరుతోనే, ఆయన సంతకంతోనే వెళ్లాలి. లేదంటే ఆయన చెప్పినట్టుగా వకీలు పంపాలి. కొడుకు తన పేరుతో పంపితే అవతలి వకీలు మొదట అడిగేది "నువ్వెవరు?" అనే. డయాలసిస్ మీద ఉన్న మనిషి ఎందుకులే అనుకుని కొడుకులు తమ పేరుతో రాసేయడం తరచూ చూస్తుంటాను. ఆయన ఒక్క సంతకం పెడితే చాలు. ముందుముందు కోర్టు పని పడుతుందని అనిపిస్తే మీ పేరుకు జీపీఏ చేయించుకుని పెట్టుకోండి. అయితే ఆయన స్వయంగా చెప్పాల్సిన సాక్ష్యం జీపీఏతో తీరదని గుర్తుంచుకోండి.

తర్వాత, మీ ఇల్లు ఏ చట్టం కిందికి వస్తుందో తేల్చుకోవాలి. చాలామంది తడబడేది ఇక్కడే. "సొంత అవసరం" అనే మాట రెంట్ కంట్రోల్ చట్టం నుంచి వచ్చింది. 1960లో వచ్చిన ఆ చట్టం మున్సిపాలిటీల్లో ఇప్పటికీ ఉంది. దాని 10వ సెక్షన్ కింద, ఓనర్‌కు ఆ ఊళ్లో తాను ఉంటున్న సొంత ఇల్లు మరొకటి లేకుండా, ఈ ఇల్లు నిజంగా తన నివాసానికే కావాలంటే ఖాళీ చేయించుకోవచ్చు. కానీ 2005లో వచ్చిన సవరణతో కిరాయి కార్పొరేషన్లలో నెలకు 3,500, మిగతా మున్సిపాలిటీల్లో 2,000 దాటిన ఇళ్లు ఆ చట్టం నుంచి బయటికి వెళ్లిపోయాయి. కట్టి 15 ఏళ్లు నిండని ఇళ్లకూ అది వర్తించదు. నల్గొండ బజార్లలో పాతికేళ్ల నుంచి 1,200, 1,500 కిరాయికి కూర్చున్నవాళ్లు కొందరున్నారు. ఆ చట్టం ఇప్పుడు ఎక్కువగా అక్కరకొస్తున్నది అలాంటి వాళ్లకే.

మీది 6,500. అగ్రిమెంట్ రోజునే 2,000కు పైన ఉండి ఉంటుంది. కాబట్టి మీకు వర్తించేది ఆస్తి బదలాయింపు చట్టం, 106వ సెక్షన్. 11 నెలల గడువు తీరాక కిరాయి తీసుకుంటూ వచ్చారు కాబట్టి వాళ్లు ఇప్పుడు నెలవారీ కిరాయిదారులు. నెలవారీ కిరాయిదారీని 15 రోజుల నోటీసుతో రద్దు చేయవచ్చు. ఎందుకు రద్దు చేస్తున్నారో చెప్పాలని ఆ సెక్షన్ ఎక్కడా అడగదు.

అంటే చట్టం ప్రకారం మీ నోటీసులో నాన్నగారి జబ్బు గురించి ఒక్క మాట లేకపోయినా నడుస్తుంది. అయినా రాయమనే అంటాను, మూడు కారణాలతో. ఒకటి, ఊరు చిన్నది. నోటీసు చేతికందగానే కిరాయిదారు దాన్ని పట్టుకుని పక్కింటికి, వార్డు పెద్దమనిషి దగ్గరికి, తెలిసిన వకీలు దగ్గరికి వెళ్తారు. కారణం రాసి ఉంటే ఆ ముగ్గురిలో ఇద్దరైనా "పాపం, పెద్దాయనకు బాగాలేదంట, ఇచ్చేయండి" అంటారు. రెండు, అవతలివాళ్లు పాత రసీదేదో తెచ్చి "ఇది రెంట్ కంట్రోల్ ఇల్లు" అని వాదిస్తే, మీ అవసరం మొదటి రోజు నుంచే కాగితం మీద ఉన్నట్టవుతుంది. మూడోది, రాజీ మాటలు నడిచినా కోర్టుకెక్కినా అందరూ ముందు తీసి చదివేది ఈ నోటీసునే.

చదివేది ఈ నోటీసునే కాబట్టి అందులో ఉన్నదే రాయాలి, ఉన్నంతే రాయాలి. నల్గొండలో రెంట్ కంట్రోల్ కేసు ఒకటి చూశాను. ఓనర్ పెద్దావిడ, కిరాయి 1,400. కూతురు పిల్లలతో పుట్టింటికి వచ్చేసింది, ఇల్లు చాలట్లేదు. అవసరం నూటికి నూరుపాళ్లు నిజం. కుటుంబంలో వాళ్ల అవసరాన్ని కూడా ఓనర్ సొంత అవసరంగానే చూడాలని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది కాబట్టి కేసు బలంగానే ఉండాలి. కానీ నోటీసు రాసినాయన కూతురి కాపురం సంగతి బయట పడొద్దనుకున్నాడో ఏమో, "కొడుకు వ్యాపారం కోసం" అని రాశాడు. ఊళ్లో ఉన్న ఇంకో పోర్షన్ సంగతి అసలు ఎత్తనే లేదు. అన్నిటికీ మించి, నోటీసుకు రెండు నెలల ముందు కొడుకు ఫోన్ నుంచి "3,000 ఇస్తే ఉండండి, లేకపోతే ఖాళీ చేయండి" అని వాట్సాప్ మెసేజ్ వెళ్లింది. ఆ మెసేజ్ ప్రింటవుట్‌ను అవతలివాళ్లు కోర్టులో పెట్టారు. బోనెక్కిన పెద్దావిడ ఒక్కో ప్రశ్నకు ఒక్కో కారణం చెప్పింది. నిజమైన అవసరం కాస్తా కిరాయి పెంచడానికి వేసిన ఎత్తులా కనిపించింది.

మీ ఇంట్లో కూడా ఎవరైనా ఈ మధ్య కిరాయి పెంచమని మెసేజ్ పెట్టారా అన్నది ఈరోజే కనుక్కోండి. బ్రోకర్‌తో "ఇది ఖాళీ అయితే ఎంత వస్తుంది" అని మాట్లాడినా అంతే. మీ కేసులో అది ప్రాణం తీయదు, ఎందుకంటే మీకు కారణం అవసరమే లేదు. కానీ రాసిన కారణం అబద్ధమని తేలితే నాన్నగారు చెప్పే మిగతా మాటలకు కూడా విలువ తగ్గుతుంది.

ఇక అసలు నోటీసు. అవసరం గురించి పేజీలు నింపి, రాయాల్సిన ఒక్క వాక్యం వదిలేయడం చాలామంది చేసే తప్పు. వకీలుగా రెండో ఏట నేనూ చేశాను. రిటైర్డ్ టీచర్ ఒకాయనకు నోటీసు రాసిచ్చాను. కొడుకు పెళ్లి, కోడలు రావడం, ఇంట్లో ఇరుకు అన్నీ కళ్లకు కట్టినట్టు రాసి, చివర "కావున దయచేసి ఇల్లు ఖాళీ చేయగలరని కోరుచున్నాము" అని ముగించాను. నా రాతకు నేనే మురిసిపోయాను. దావా వేశాక అవతలి వకీలు ఒకే ప్రశ్న అడిగాడు: "కిరాయిదారీ రద్దు చేస్తున్నట్టు ఇందులో ఎక్కడుందో చూపించండి." లేదు. కోరినట్టు ఉంది గానీ రద్దు చేసినట్టు లేదు. కోర్టులు నోటీసును మరీ పట్టిపట్టి చదవవు, భావం చూస్తాయని వాదించాను. ఆ వాదనలోనే ఏడాది గడిచింది. చివరికి దావా వెనక్కి తీసుకుని, కొత్త నోటీసు ఇచ్చి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాం. అప్పటికి కోడలు కాపురానికి వచ్చి వేరే ఇంట్లో కిరాయికి కూడా దిగింది.

అందుకే మీకు ఒక నమూనా రాస్తున్నాను. తెలుగులోనే పంపండి. ఇంగ్లిష్‌లో పంపితే కిరాయిదారు దాన్ని చదివించుకోవడానికి వకీలు దగ్గరికి వెళ్తాడు, వెళ్లినవాడు ఊరికే తిరిగి రాడు.

"మిర్యాలగూడ మున్సిపాలిటీ పరిధిలోని నా ఇల్లు (ఇంటి నంబరు, హద్దులు) గ్రౌండ్ ఫ్లోర్ పోర్షన్‌లో మీరు నెలకు 6,500 రూపాయల కిరాయిపై నివాసం ఉంటున్నారు. మొదట రాసుకున్న 11 నెలల ఒప్పందం గడువు ముగిసింది. అప్పటి నుంచి మీరు నెలవారీ కిరాయిదారుగా ఉన్నారు. కిరాయి నెల 1వ తేదీన మొదలై నెలాఖరున ముగుస్తుంది.

నేను కిడ్నీ జబ్బుతో వారానికి రెండుసార్లు మిర్యాలగూడలో డయాలసిస్ చేయించుకుంటున్నాను. ఊరి నుంచి వచ్చిపోవడం నాకు కష్టమవుతోంది. మెట్లు ఎక్కలేను. నేను, నా భార్య మీరు ఉంటున్న ఆ గ్రౌండ్ ఫ్లోర్ పోర్షన్‌లో నివాసం ఉండదలిచాం. మిర్యాలగూడలో మేము ఉండటానికి నాకు వేరే ఇల్లు లేదు.

కాబట్టి మీ కిరాయిదారీని మే 31వ తేదీతో రద్దు చేస్తున్నాను. ఆ రోజు సాయంత్రం 5 గంటల లోపు ఇల్లు ఖాళీ చేసి, స్వాధీనం, తాళంచెవులు నాకు అప్పగించాలి.

మే 31 వరకు కిరాయి ఎప్పటిలాగే చెల్లించాలి. ఆ తర్వాత కూడా మీరు ఇంట్లో ఉంటే, ఉన్నన్ని రోజులకు నెలకు 9,000 రూపాయల లెక్కన నష్టపరిహారం చెల్లించాలి. మే 31 తర్వాత మీ నుంచి వచ్చే ఏ డబ్బైనా ఆ నష్టపరిహారం కింద జమ అవుతుంది తప్ప కిరాయి కింద కాదు. మీ అడ్వాన్సు 20,000 రూపాయల్లో బకాయిలు ఏవైనా ఉంటే మినహాయించి, మిగతాది తాళంచెవులు ఇచ్చిన రోజే తిరిగి ఇస్తాను."

కింద నాన్నగారి సంతకం, తేదీ. అంతే, ఒక్క పేజీ. అడ్వాన్సు అంకె నేను ఊహించి వేసింది, మీది వేసుకోండి. 9,000 కూడా అంతే. ఆ వీధిలో అలాంటి ఇంటికి ఇప్పుడు నిజంగా ఎంత నడుస్తోందో అదే రాయండి. కోపంలో ముప్పై వేలు రాసేవాళ్లున్నారు. అది ఎవరూ ఇప్పించరు. పైగా నోటీసు మొత్తం బెదిరింపులా కనిపిస్తుంది.

మెట్లు ఎక్కలేకపోతేనే ఆ మాట ఉంచండి. ఆ ఇంటి పై అంతస్తు మీ దగ్గరే ఖాళీగా ఉంటే ఆ సంగతి కూడా రాసి, అది ఎందుకు పనికిరాదో ఒక వాక్యంలో చెప్పండి. దాచిపెడితే తర్వాత అవతలివాళ్లే బయటపెడతారు. డయాలసిస్ కాగితాలు నోటీసుకు జతచేయొద్దు. జబ్బు వివరాలు పదిమంది చేతుల్లో తిరగాల్సిన అవసరం లేదు. ఫైల్ ఒకటి కట్టి ఇంట్లో పెట్టుకోండి, అడిగే చోట చూపిద్దురు.

ఇంటి నంబరు విషయంలో జాగ్రత్త. పాత అగ్రిమెంట్‌లో ఉన్న నంబరు, ఇప్పటి ఇంటి పన్ను రసీదులో ఉన్న నంబరు వేరువేరుగా ఉండటం మన మున్సిపాలిటీల్లో మామూలే. రెండూ రాసి, నాలుగు వైపులా ఏముందో హద్దులు వేయండి. ఏ పోర్షన్ అన్నది స్పష్టంగా చెప్పండి.

గడువు సంగతికి వద్దాం. చట్టం చెప్పే 15 రోజులు నోటీసు వాళ్లకు అందిన రోజు నుంచి లెక్క, మీరు రాసిన రోజు నుంచి కాదు. ఒకప్పుడు ఆ గడువు కిరాయి నెలాఖరుతోనే ముగియాలనే పట్టింపు ఉండేది. ఒక్క రోజు తేడాతో దావాలు పోయేవి. 2002 చివర్లో వచ్చిన సవరణ ఆ బాధ తప్పించింది. గడువు ఒకట్రెండు రోజులు తక్కువ రాసినా, 15 రోజులు నిండాకే దావా వేసి ఉంటే ఆ కారణంగా నోటీసు చెల్లకుండా పోదు. అయినా నెలాఖరు తేదీయే వేయండి. కిరాయి లెక్క తేలిక, వాదనకు తావుండదు.

మరి 15 రోజులే ఇవ్వొచ్చు కదా, మే 31 దాకా ఎందుకు అంటారేమో. ఏడేళ్లుగా ఒకే ఇంట్లో ఉన్న కుటుంబం 15 రోజుల్లో ఎక్కడికీ పోలేదు. పోలేని గడువు ఇస్తే వాళ్లు ఇల్లు వెతకరు, వకీలును వెతుకుతారు. నోటీసు ఫిబ్రవరి 10న రాశారనుకోండి. 13కో 14కో అందుతుంది. అక్కడి నుంచి మే 31 అంటే మూడున్నర నెలలు. మధ్యలో పిల్లల పరీక్షలు అయిపోతాయి, ఏప్రిల్ చివరి వారానికి బడులు మూస్తారు, మళ్లీ జూన్ 12 ప్రాంతంలో తెరుస్తారు. ఇల్లు మారడానికి, బడి మారడానికి అదే వీలైన సమయం. మే దాటిందంటే ఇక ఆషాఢం అంటారు, ఆషాఢంలో ఎవరూ ఇల్లు మారరు. ఆ తర్వాత శ్రావణం దాకా ఆగండి అంటారు. మీరు నోటిమాటగా చెప్పిన మూడుసార్లూ ఏం జరిగి ఉంటుందో ఊహించగలను. తేదీ చెప్పి ఉండరు. "కాస్త తొందరగా చూసుకోండి" అని ఉంటారు. వాళ్లు "చూస్తున్నాం" అని ఉంటారు. తేదీ లేని మాటను ఎవరూ పట్టించుకోరు.

ఎక్కువ గడువు ఇస్తే ఒక చిక్కు ఉంది, ముందే తెలిసి ఉండాలి. మే 31 అని రాశాక ఆ తేదీకి మీరూ కట్టుబడాలి. మార్చిలో వాళ్లు ఎదురు మాట్లాడారని కోపమొచ్చి దావా వేస్తే అది గడువు తీరకముందే వేసిన దావా అవుతుంది, నిలవదు. నాన్నగారి పరిస్థితి మూడున్నర నెలలు ఆగేలా లేకపోతే ఏప్రిల్ 30 వేయండి. అంతకంటే తగ్గించమని నేను చెప్పను. డాక్టర్ వెంటనే మారమన్నారంటే మాత్రం మీ వకీలుతో మాట్లాడి నెల రోజులకు దిగండి, ఆ కారణాన్ని నోటీసులోనే రాయండి.

పంపే పద్ధతి చిన్నదే గానీ ఇక్కడే చాలామంది చేతులు కాల్చుకుంటారు. రిజిస్టర్డ్ పోస్టును 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారు. కాబట్టి కౌంటర్‌లో స్పీడ్ పోస్టుకే రిజిస్ట్రేషన్, డెలివరీ రుజువు రెండూ కావాలని అడగండి. కవరు మీద అగ్రిమెంట్‌లో ఉన్న కిరాయిదారు పూర్తి పేరు, ఆ ఇంటి చిరునామానే ఉండాలి. నోటీసు మూడు కాపీలు తీసి మూడింటి మీదా సంతకం పెట్టించండి. ఒకటి పోస్టులో, ఒకటి మీ ఫైల్‌లో, మూడోది చేతికివ్వడానికి. చేతికిచ్చినప్పుడు మీ కాపీ వెనక "అందింది" అని తేదీతో సంతకం అడగండి. పెట్టకపోతే గొడవ పడొద్దు, పోస్టు ఉంది కదా. కవరు "తీసుకోలేదు" అని వెనక్కి వస్తే కంగారు పడకండి. సరైన చిరునామాకు పంపి, వాళ్లే తీసుకోకపోతే అందినట్టే లెక్క. ఆ వెనక్కొచ్చిన కవరును మాత్రం విప్పొద్దు. సీలుతో అలాగే దాచండి, దాన్ని కోర్టులోనే విప్పాలి. "ఇంటికి తాళం" అని వస్తే మళ్లీ ఒకసారి పంపండి.

నోటీసు పంపాక కిరాయి డబ్బు సంగతి. మే 31 వరకు వచ్చేది కిరాయే, మామూలుగా తీసుకోండి. జూన్ 5న ఫోన్‌పేలో 6,500 వచ్చి పడుతుంది చూడండి, అక్కడ జాగ్రత్త. రద్దు చేశాక కూడా కిరాయి తీసుకున్నారు కాబట్టి నోటీసును మీరే వదులుకున్నారని వాదించడానికి అదే ఆస్తి బదలాయింపు చట్టంలో 113వ సెక్షన్ ఉంది. ఊరికే డబ్బు తీసుకున్నంత మాత్రాన వదులుకున్నట్టు కాదని మనమూ వాదించొచ్చు. కానీ ఆ వాదన దాకా ఎందుకు? డబ్బు పడిన రోజే "ఈ 6,500 నోటీసులో చెప్పిన నష్టపరిహారం కింద జమ చేసుకున్నాం, కిరాయి కింద కాదు" అని ఒక్క మెసేజ్ పెట్టండి. జూన్ కిరాయి రసీదు మాత్రం ఇవ్వొద్దు. మీ అమ్మగారి ఫోన్‌కు డబ్బు వస్తుంటే ఈ సంగతి ఆమెకూ చెప్పండి.

నోటీసు అందగానే వాళ్లు మాట్లాడటానికి వస్తే అది మంచి సూచనే. "ఆగస్టు దాకా ఉండనివ్వండి" అంటారు. ఒప్పుకునేలా ఉంటే వంద రూపాయల బాండ్ పేపర్ మీద రాయించుకుని సంతోషపడకండి. ఆగస్టులో మాట తప్పితే ఆ కాగితం సాక్ష్యంగా పనికొస్తుంది, అంతకుమించి దాన్ని పట్టుకుని ఇల్లు ఖాళీ చేయించలేరు. మళ్లీ దావా వేయాల్సిందే. దానికి బదులు ఇద్దరూ కలిసి మిర్యాలగూడ కోర్టు ఆవరణలోని న్యాయ సేవల కమిటీకి వెళ్లి, దావాకు ముందే లోక్ అదాలత్‌లో రాజీ నమోదు చేయించుకోండి. కోర్టు ఫీజు ఉండదు. అక్కడ ఇచ్చే అవార్డు కోర్టు డిక్రీతో సమానం. ఆగస్టు 31న ఖాళీ చేయకపోతే నేరుగా అమలు పిటిషన్ వేసుకోవచ్చు, కేసు మొదటి నుంచి నడపక్కర్లేదు. ఈ దారి గురించి కిరాయిదారులకూ చెప్పండి. తేదీ దాకా తమను ఎవరూ కదిలించలేరన్న ధీమా వాళ్లకూ దొరుకుతుంది.

ఇది కుదరకపోతే మే 31 తర్వాత జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో ఖాళీ చేయించే దావా వేయాలి. కోర్టు ఫీజు ఇంటి విలువ మీద కాదు, ఏడాది కిరాయి లెక్కన కట్టాలి. మీకు అది 78,000 మీద వస్తుంది కాబట్టి భారం కాదు. భారమంతా కాలానిదే. నెలల్లో తేలుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి, అప్పీలుతో కలిపి ఏళ్లు పట్టిన కేసులున్నాయి. అందుకే గడువు ఇచ్చే దగ్గర, రాజీ దగ్గర అంత సేపు ఆగాను. ఆగస్టు దాకా ఆగడం ఇప్పుడు నష్టంలా అనిపించొచ్చు, దావా నడిచే కాలంతో పోల్చి చూసుకోండి.

ఈ మధ్యలో ఎవరు సలహా ఇచ్చినా మోటార్ కనెక్షన్ తీసేయడం, కరెంటు కట్ చేయించడం, వాళ్లు ఊరెళ్లినప్పుడు తాళం వేయడం లాంటివి చేయొద్దు. రద్దయిన కిరాయిదారును కూడా కోర్టు ద్వారానే పంపాలి. తాళం వేసిన మరుసటి రోజే వాళ్లు ఇంజంక్షన్ తెచ్చుకుంటారు. అప్పటిదాకా పెద్దాయన జబ్బు మీద ఉన్న జాలి అంతా వాళ్ల వైపు తిరుగుతుంది. స్టేషన్‌కు వెళ్లినా సివిల్ గొడవ అని పంపించేస్తారు.

వాళ్లు ఖాళీ చేసిన రోజు మీరు స్వయంగా వెళ్లండి. కరెంటు మీటర్ రీడింగ్ ఫోటో తీసుకోండి, చివరి బిల్లు, నీటి బకాయి చూసుకోండి. ప్రతి గది తిరిగి చూశాక, అడ్వాన్సులో మిగిలింది అక్కడే లెక్కపెట్టి ఇవ్వండి. "ఫలానా తేదీన ఇల్లు పూర్తిగా ఖాళీ చేసి తాళంచెవులు ఇచ్చాను, అడ్వాన్సు ముట్టింది" అని రెండు లైన్లు రాయించి సంతకం తీసుకోండి. వెనక గదిలో పాత బీరువా ఒకటి వదిలి "తర్వాత తీసుకెళ్తాం" అంటారు. అది బయటికి వెళ్లేదాకా అడ్వాన్సు చేతిలో పెట్టకండి, సామాను ఉన్నంతసేపు ఇల్లు పూర్తిగా మీ స్వాధీనంలోకి వచ్చినట్టు కాదు.